నిలువు గుణింతం

మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చానంటే చాలు, నాకు ఆ సందు వినబడుతుంది. కనబడటం తర్వాత. ముందు మగ్గాల చప్పుడు, ఒకదానితో ఒకటి కలవకుండా, ఇంటికో తాళం. వాటి మీదుగా చిన్నపిల్లల గొంతులు, క కా కి కీ కు కూ అంటూ. ఆ గొంతుల వెనకాలే, ఒక్క క్షణం ఆలస్యంగా, ఆడవాళ్ళ గొంతులు. కునుకులో ఉన్న నాకు ఎవరు పిల్లలో ఎవరు తల్లులో తేలదు. తేల్చుకోవాలని కూడా అనిపించదు. అలా వింటూ వింటూ నిద్రలోకి జారిపోతాను.

దాజీ పేట్‌లో, తెలంగాణ నుంచి వలసవచ్చిన నేతవాళ్ళ మధ్య, మా తెలుగు బడి ఆ సందులోనే ఉండేది. సోలాపూర్ ఇంకా బొంబాయి రాష్ట్రంలో ఉన్న రోజులు. బడి అంటే ఒక పాత ఇంటి కింది భాగం, నాలుగు గదులు, ముందు పొడుగాటి వరండా. మొదటి తరగతి గది కిటికీ సందులోకి తెరుచుకునేది. ఆ కిటికీ కింద గోడ నీడలో పొద్దున్నే ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చునేవారు. ఆకు కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, దారం కట్టడం, అన్నీ చేతుల పనులే. నోళ్ళు ఖాళీ. లోపల పిల్లలు వల్లెవేస్తుంటే బయట వాళ్ళూ వల్లెవేసేవారు, ఏళ్ళ తరబడి. దాంతో మా సందులో ఒక వింత తయారైంది. చదువు రానివాళ్ళందరికీ అక్షరాలు వచ్చు. అ దగ్గర మొదలుపెట్టి క్ష దాకా ఎక్కడా ఆగకుండా చెప్పేవాళ్ళు. పలక మీద ఒక్క అక్షరం రాసి ఇదేమిటంటే మాత్రం నవ్వి తలవంచుకునేవాళ్ళు.

నేను ఏడో తరగతి ఫైనల్ పరీక్ష పాసై, పద్దెనిమిదేళ్ళకు ఆ బడిలో మొదటి తరగతికి పంతులమ్మనయ్యాను. అక్కడ మరాఠీ వాళ్ళలాగే పంతులమ్మను బాయి అనేవారు, పంతులును గురూజీ అనేవారు. మా బడికి పెద్ద గురూజీ ఒకాయన ఉండేవారు. తెల్ల టోపీ, ముక్కుపొడుం, చాలా మంచి మనిషి. చదువు చెప్పడమంటే ఆయన దృష్టిలో వరుస తప్పకుండా చెప్పించడమే. ముందు అచ్చులన్నీ, తర్వాత హల్లులన్నీ, తర్వాత ఒక్కో హల్లుకు గుణింతం, ఆ తర్వాత ఒత్తులు. మాటలు చదవడం ఎక్కడో రెండో ఏట. అప్పటిదాకా వల్లెవేయడమే.

నాకు కోపం తొందరగా వస్తుంది, ఇప్పటికీ అంతే. మొదటి నెలలోనే నాకు ఆ వల్లెవేత మీద కోపం వచ్చింది. పిల్లలు గొంతు చించుకుని ఙ, ఞ అని అరుస్తారు. ఆ అక్షరాలు వాళ్ళ నోట ఏ మాటలోనూ రావు. నల్లబోర్డు మీద 'తల' అని రాస్తే మాత్రం ఒక్కడూ చదవడు.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. రెండు జడలు, మోచేతుల దాకా పొగాకు వాసన. మొదటి తరగతిలోనే మూడో ఏడు. రెండుసార్లు నాపాస్. కానీ వల్లెవేతకు నాయకురాలు ఆమే. గొంతు ఎంత బాగుండేదంటే, ఆమె మొదలుపెడితే సందులో చుట్టేవాళ్ళు కాసేపు తలెత్తి వినేవారు. క గుణింతం నుంచి హ గుణింతం దాకా ఒక్కతే పాడేది, ఒక్క తప్పు లేకుండా. చదవమంటే నోరు మెదిపేది కాదు. పెద్ద గురూజీ ఆమెను ముందు మెచ్చుకుని తర్వాత నాపాస్ చేసేవారు. పాపం ఆయనకూ అర్థమయ్యేది కాదు.

ఒకరోజు ఆమె పక్కన కూర్చుని బోర్డు మీద 'మ' చూపించి ఏమిటని అడిగాను. పెదవులు కదిలాయి. చెవి ఒగ్గి విన్నాను. క, ఖ, గ, ఘ అంటూ మొదటి నుంచి వెళ్తోంది. చాలాసేపటికి 'మ' దగ్గరికి వచ్చి ఆగి, ఆ అక్షరం గట్టిగా అంది. గోడకు వేలాడదీసిన అక్షరాల పటం మీద ఆమె చూపు కూడా అక్షరం తర్వాత అక్షరంగా నడిచింది. అక్షరం ఆమెకు ఆకారంగా తెలియదు, వరుసలో ఎన్నోదో తెలుసు. ఒక్క అక్షరానికే అంత దూరం నడవాలి. మాటలో మూడో అక్షరానికి చేరేసరికి మొదటిది మర్చిపోయేది. ఆ పిల్ల మొద్దు కాదని నాకు ఆ పూటే తెలిసింది. ఆమె తెలివినంతా మేము ఒకే దారిలో నడిపించి అరగదీశాం.

ఆమె తల్లి కిటికీ కిందే కూర్చుని బీడీలు చుట్టేది. సాయంత్రం నాతో చెప్పింది, దీపావళి ముందు జరిగే పరీక్షలో కూడా పిల్ల నాపాస్ అయితే ఇక బడి మాన్పించి చాట చేతికిస్తానని ఆమె భర్త అన్నాడట. పిల్లకోసం చిన్న చాట అప్పటికే ఇంట్లో ఉంది. తల్లి ఆ మాట చెబుతూ చేతులాపలేదు.

పెద్ద గురూజీ దగ్గరికి వెళ్ళి, వరుస మారుస్తానని అడిగాను. ఆయన చాలాసేపు పొడుం డబ్బా మూతతో ఆడుకున్నారు. అ రాకుండా అక్షరాలెట్లా వస్తాయన్నారు. మొదటి అక్షరం అ కాకపోతే పిల్లల తల్లిదండ్రులు అశుభమంటారన్నారు. నేను వాదించాను, గొంతు కూడా పెంచాను. చివరికి దీపావళి సెలవుల దాకా నా ఇష్టమన్నారు. సెలవుల ముందు పరీక్ష ఆయనే పెడతారు. పిల్లలు చదవకపోతే మళ్ళీ పాత వరుసే.

నా వరుస ఇలా ఉండేది. మొదటి వారం అయిదే అక్షరాలు, త ల ప క డ. ఆ అయిదింటికీ గుర్తులేవీ అక్కర్లేదు, ప్రతి హల్లులోనూ అ అనే ధ్వని ముందే ఉంటుంది కదా. అందుకని మూడోరోజుకే మాటలు తయారు. తల, కల, పలక, పడక, తడక. రెండో వారం గ ర న జ ట. గడప, జడ, నడక వచ్చాయి. కొంచెం అనడానికి 'జర' అని రాస్తే పిల్లలు పడిపడి నవ్వారు. తాము రోజూ అనే మాట బోర్డెక్కుతుందని వాళ్ళకు తెలియదు మరి. ప, వ, మ చూడటానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కాబట్టి మూడింటినీ ఒకచోట చేర్చలేదు. ప స్థిరపడ్డాక వ, అది స్థిరపడ్డాక మ. ఘ, ఛ, ఝ, ఢ లాంటివి ఏడాది చివరికి తోసేశాను. అచ్చులన్నీ ముందే చెప్పలేదు. అచ్చు అక్షరం మాట మొదట్లో తప్ప రాదు. కాబట్టి ఏ అచ్చు గుర్తు చెబుతానో ఆ రోజే ఆ అచ్చునూ చూపించాలనుకున్నాను.

ఇంకొకటి కూడా చేశాను. వల్లెవేత పూర్తిగా ఆపించాను. గోడమీది పటం తీసి బీరువా వెనక పెట్టాను. అక్షరాన్ని చూడాలి, పాడకూడదు అని గట్టిగా చెప్పాను.

మొదటి తరగతి గది నిశ్శబ్దమైపోయింది. పిల్లలు పలకల మీద వంగి రాసుకునేవారు. అట్టముక్కల మీద అక్షరాలు రాసి ఇచ్చాను, వాటిని పక్కపక్కన పెట్టి మాటలు కట్టుకునేవారు. ఎండ కిటికీలోంచి పడి వాళ్ళ తలల మీద మెల్లగా జరిగేది. అట్టముక్కలు కదిలే చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ రోజులు ఇప్పుడు తలచుకుంటే నీళ్ళ అడుగున కూర్చున్నట్టు ఉంటుంది. నా అంత సంతోషంగా ఉన్నవాళ్ళు సోలాపూర్‌లో లేరనుకున్నాను.

మూడో వారంలో ఆ పిల్ల చదివింది. నేను 'పలక' అని రాశాను. ఆమె చూసింది, పెదవులు కదలలేదు, పలక అంది. అని, తన ఒళ్ళో ఉన్న పలకను చూసుకుంది. మళ్ళీ బోర్డు చూసింది. నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి, సిగ్గుపడి కిటికీ వైపు తిరిగాను. కిటికీ కింద ఆడవాళ్ళు మౌనంగా చుట్టుకుంటున్నారు. వాళ్ళ మొహాలు నేను అప్పుడు చూసి ఉండాల్సింది.

వాళ్ళకు కోపంగా ఉంది. రెండు వారాలుగా బడిలోంచి చదువు వినబడటం లేదు. ఆ సందులో చదువు నడుస్తోందో లేదో చెవితోనే తెలుసుకునేవారు. మగ్గం ఆగితే నేతగాడికి ఒంట్లో బాగాలేదని గోడ అవతలివాళ్ళకు తెలిసినట్టే, బడి పలకకపోతే బాయి పని చేయడం లేదని లెక్క. పైగా పాట లేక వాళ్ళ చేతులూ సాగడం లేదు. నలుగురైదుగురు కలిసి పెద్ద గురూజీ దగ్గరికి వెళ్ళి, కొత్త బాయి పిల్లల్ని ఊకె కూచోబెడుతోందని చెప్పారు. ఆయన నన్ను పిలిచి, నవ్వుతూనే ఆ సంగతి చెప్పారు. నేను నవ్వలేదు. చదువు రానివాళ్ళు నాకు చదువు నేర్పుతారా అన్నాను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

అంతలో దీర్ఘం వచ్చింది, నా గర్వం దిగింది. తలకట్టు తీసేసి దాని చోట దీర్ఘం పెడితే ప కాస్తా పా అవుతుంది. ఆ రోజే ఆ అనే అచ్చు కూడా చూపించాను. ఎంత తేలిక, అనుకున్నాను. బోర్డు మీద 'పాట' అని రాశాను. తరగతి తరగతంతా 'పట' అంది. 'తాత' రాశాను. 'తత' అన్నారు. మూడు వారాలు అక్షరానికి ఒకటే ధ్వని అని నేర్పాను కదా, వాళ్ళు అక్షరం పైభాగం చూడటమే మానేశారు. దీర్ఘాన్ని ముందే, నాలుగైదు అక్షరాలు రాగానే, చెప్పి ఉండాల్సింది. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. రోజంతా కా అంటే ఇది, తా అంటే ఇది అని అరిచాను. పిల్లలు బిక్కమొహాలు వేశారు.

అప్పుడు వెనక వరుసలోంచి సన్నగా పాట వినబడింది. ఆ పిల్ల. తల వంచుకుని అట్టముక్కలు ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటోంది. ఒక్కో దాని నెత్తిన సుద్దతో దీర్ఘం గీస్తూ, కా, తా, పా, డా, లా, గా, రా అని పాడుతోంది. మేము ఎప్పుడూ పాడే గుణింతం అడ్డంగా పోతుంది, ఒకే అక్షరం మీద గుర్తులన్నీ మారుతూ. ఆమె నిలువుగా పాడుతోంది, ఒకే గుర్తు కింద అక్షరాలన్నీ మార్చుకుంటూ. ఆ వరుస ఎవరూ ఆమెకు నేర్పలేదు. అప్పటికి సందులో ఎవరూ విననిది.

నాకు ఆ క్షణాన పాట మాత్రమే వినబడింది. పాడొద్దన్నానా లేదా అని గట్టిగా కసిరాను. ఆమె అట్టముక్కలన్నీ గబగబా కలిపేసింది. సాయంత్రం దాకా తల ఎత్తలేదు.

మర్నాడు ఆమె బడికి రాలేదు. మూడోరోజు కూడా రాలేదు. శనివారం ఒంటిపూట బడి అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. ఒకే గది, సగం గది మగ్గమే. తండ్రి గుంటలో కాళ్ళు పెట్టుకుని చీర నేస్తున్నాడు. పిల్ల గుమ్మం పక్కన చిన్న చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. తల్లి నాకు పీట వేసింది. పిల్లను ఎందుకు పంపడం లేదని అడిగాను. తండ్రి మగ్గం ఆపాడు. కోపం లేదు ఆయన గొంతులో, అదే నాకు కష్టమైంది.

"మూడేండ్లు చదువు రాకున్నా పాటన్న వచ్చింది బాయీ. ఇండ్ల పాడుతుంటె పానం నిమ్మళమయ్యేది. ఇప్పుడు గది సుత బంద్ చేయించిన్రు."

పిల్ల చదవడం మొదలుపెట్టిందని, పలక అని తనంతట తను చదివిందని చెప్పాలనుకున్నాను. కానీ ఆ పిల్ల నా వైపు చూడటం లేదు. ఆకు మీద రేకు ముక్క పెట్టి దాని చుట్టూ చాలా జాగ్రత్తగా కత్తిరిస్తోంది. వస్తానని చెప్పి లేచాను. ఇంటికి పోతూ దారిపొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. ఆ పిల్లకు చదువు రాకపోవడానికి పాట కారణం కాదు. ఆ పాట నడిచే దిక్కు కారణం. ఆమె ఆ దిక్కు తనే మార్చుకుంది, నేను కసిరాను.

సోమవారం ఉదయం బీరువా వెనక పటం జోలికి పోలేదు. బోర్డు మీద మాకు వచ్చిన అక్షరాలన్నీ దీర్ఘంతో ఒకదాని కింద ఒకటి రాశాను. బెత్తంతో పైనుంచి కిందికి చూపిస్తూ పాడమన్నాను. కా, తా, పా, డా, లా. పిల్లలు ముందు నమ్మలేదు. తర్వాత నోరు విప్పారు. మూడు వారాల మూగతనం కిటికీలోంచి బయటపడింది. మధ్యమధ్య బెత్తం వరుస తప్పించి కిందినుంచి పైకి, మధ్యలోంచి పక్కకు తిప్పేదాన్ని. అక్షరం చూస్తే తప్ప పాడలేరు. మధ్యాహ్నానికి 'పాట' పాటే అయింది, 'తాత' తాతే అయ్యాడు.

బయట చేతులు ఆగాయి. ఇది వాళ్ళకు తెలిసిన పాట కాదు. ఒకామె కిటికీలోకి మొహం పెట్టి, గిదేం గుణింతం బాయీ అంది. రెండోరోజుకు వాళ్ళూ అందుకున్నారు. కానీ వరుస నేను తిప్పుతున్నాను కాబట్టి విన్నంత మాత్రాన అందదు, మధ్యలో తప్పుతున్నారు. తప్పినప్పుడల్లా లోపల పిల్లలు నవ్వుతున్నారు. మూడోరోజు నేను నల్లబోర్డును వరండాలోకి తెప్పించి, గడప పక్కన, లోపలి నుంచీ సందులోంచీ కనబడేలా నిలబెట్టాను. పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టాను. పెద్ద గురూజీ తన గదిలోంచి చూసి మళ్ళీ తన పనిలో పడ్డారు.

ఆ పిల్ల తల్లి చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. బోర్డు ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"అక్షరాలు నాకెప్పటిసందో వచ్చు బాయీ. గవి ఎట్లుంటయో ఎవ్వలు చూపలే," అంది.

నేను బెత్తం ఆమె చేతికిచ్చాను. ఆమె మా కింద పెట్టి మా అంది. రా కింద పెట్టి రా అంది. చెంగుతో చెయ్యి తుడుచుకుని అక్షరాన్ని ముట్టుకుంది, సుద్ద వేలికి అంటింది. నేను అప్పుడు ఆమెతో, ఈ వరుస పాడింది మీ పిల్లే, నేను తెలివితక్కువగా కసిరాను అని చెప్పి, పిల్లను పంపమని అడిగాను. ఆమె వెళ్ళి మళ్ళీ చాట ఒళ్ళోకి తీసుకుంది. మరుసటి రోజు బడి మొదలయ్యే వేళకు ఆ పిల్ల వెనక వరుసలో ఉంది. తండ్రి, దీపావళి దాకా చూద్దామన్నాడట.

తర్వాతి రెండు నెలలు నాకు ఒకే ఒక పొడుగాటి పగలులా గుర్తున్నాయి. వర్షాలు వచ్చాయి, పోయాయి. గుడి వచ్చింది, గుడిదీర్ఘం వచ్చింది, కొమ్ములు వచ్చాయి. ఒక్కో గుర్తుకు ఒక్కో నిలువు పాట, ఆ పాట రాగం ఆ పిల్లదే. కొమ్ము చెప్పేటప్పుడు ప, వ మాత్రం వేరే రోజుకు ఉంచాను. మిగతావాటికి పక్కన తగిలే కొమ్ము వాటికి కిందినుంచి వస్తుంది, వ పక్కన తగిలిస్తే అచ్చం మ అయిపోతుంది. పిల్లలు ఆ రెండింటినీ పెంకి అక్షరాలు అన్నారు. సందులో ఆడవాళ్ళూ అదే పేరు పెట్టుకున్నారు. చుట్టిన బీడీలు చాటల్లో పెరిగేవి, బోర్డు మీద అక్షరాలు మారేవి. ఎండ గోడెక్కి దిగేది. మగ్గాల చప్పుడు ఎక్కడో దూరంగా, ఎవరో నిద్రపుచ్చుతున్నట్టు. నాకు ఆ వరండాలో నిలబడే కళ్ళు మూతలు పడేవి, గొంతులు మాత్రం ఒకదాని మీదొకటి వస్తూనే ఉండేవి.

పరీక్ష రోజు పెద్ద గురూజీ ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం ముక్క ఇచ్చారు, తను స్వయంగా రాసినవి. ఎవరూ చూడని మాటలు. కొందరు తడబడ్డారు, చాలామంది చదివారు. ఆ పిల్ల వంతు వచ్చేసరికి నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆమె కాగితం తీసుకుంది. పెదవులు కదులుతాయేమో అని చూశాను, కదలలేదు.

"మా గడప మీద పావురాలు వాలినాయి," అని చదివింది.

పెద్ద గురూజీ కాగితం వెనక్కి తీసుకుని తనే ఇంకోసారి చదువుకున్నారు, తను రాసింది అదేనా అన్నట్టు. తర్వాత టోపీ తీసి తల నిమురుకున్నారు. పాస్ అని రాశారు. నేను ఇక అక్కడ నిలబడలేక నీళ్ళు తాగడానికి వెళ్ళి కుండ దగ్గర ఏడ్చాను.

ఆ సాయంత్రమే పాసైన సంగతి చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను, పిల్లను చేయి పట్టుకుని. తండ్రికి చాలా సంతోషమైంది. మగ్గం గుంటలోంచి పైకి వచ్చి, చేతులు తుడుచుకుని, నాకు చాయ్ పెట్టమన్నాడు. చాయ్ తాగుతుంటే ఆయన నవ్వుతూ అన్నాడు.

"మంచిగైంది బాయీ. చదువుడు వచ్చింది గద, ఇంక బస్. దీపావళి అయినంక అవ్వతోని పనికి కూసుంటది."

నాపాస్ అయితే మాన్పిస్తాడని భయపడ్డాను గానీ, పాసైతే మాన్పిస్తాడని నాకు తట్టనే లేదు. పాత వరుసలో ఉంటే ఈ పిల్లకు చదవడం రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టేది, తండ్రిని బతిమాలుకుంటే ఆ రెండేళ్ళూ బడిలో ఉండేదేమో. నేను తొందరగా నేర్పి ఆమె చదువును తొందరగా ముగించాను. ఆయన తప్పేమీ లేదు. బడికి పంపింది చదవడానికి, చదవడం వచ్చింది.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టి పిల్ల పలక తీసుకున్నాను. నా వరుసలో ఇంకా ఏమేం మిగిలాయో తలచుకున్నాను. సున్న చెప్పలేదు. ఒత్తులు అసలు మొదలుపెట్టలేదు. పలక మీద 'మగ్గం' అని రాసి ఆమె ముందు పెట్టాను. ఇప్పుడు చదవమనండి, అన్నాను తండ్రితో. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

పిల్ల పలక చూసింది. ఆమె కళ్ళు మొదటి అక్షరం మీద ఆగి, రెండోదాని మీదికి వెళ్ళి, దాని కింద ఉన్న చిన్న గ మీదికి దిగాయి. ఆ తర్వాత మగ్గం వైపు తిరిగాయి. అక్కడి నుంచి నా మొహం మీదికి వచ్చాయి. పొయ్యి దగ్గర నిలబడ్డ తల్లి కూడా మెడ చాచి పలక చూసింది. తల్లి పెదవులు చిన్నగా కదిలాయి. ఏమన్నదో నాకు వినబడలేదు, కానీ ఏమన్నదో తెలిసింది. వెంటనే పెదవులు మూసుకుని పొయ్యి వైపు తిరిగింది.

"ఏందది బిడ్డా?" అన్నాడు తండ్రి.

"రాదు నాయినా," అంది పిల్ల.

అది మగ్గం అని నేను చెప్పాను. ఆయన పలకనూ, వెనక ఉన్న తన మగ్గాన్నీ మార్చి మార్చి చూశాడు. నేతగాని బిడ్డకు మగ్గమే చదవ రాకపోతే ఇంకేం చదువని నవ్వాడు. ఎప్పుడు చెబుతారని నన్ను అడిగాడు. చాలా కష్టమైన పాఠమని, చాలా చివరికి వస్తుందని చెప్పాను. సరే, అది వచ్చేదాకా పోనీ అన్నాడు. పిల్ల పలక మీది మాటను మోచేత్తో తుడిచేసింది.

సెలవులయ్యాక నేను ఒత్తులు మొదలుపెట్టాను. అమ్మ, అక్క, పువ్వు, అన్నీ చెప్పాను. గ కింద గ మాత్రం చెప్పలేదు. ఆ ఏడాదే కాదు, ఆ తర్వాత ఆ పిల్ల చదివిన తరగతుల బాయిలకు, గురూజీలకు కూడా చెప్పి పెట్టాను. పెద్ద గురూజీ విని పొడుం పీల్చుకుని, నీ వరుస నీదేనమ్మా అన్నారు. పండుగ వచ్చినప్పుడల్లా తండ్రి అడిగేవాడట, మగ్గం వచ్చిందా అని. తల్లి పొయ్యి దగ్గరి నుంచే, ఇంకా రాలే అనేదట. ఆయనకు తెలియదో, తెలిసే అడిగేవాడో నేను ఎన్నడూ తెలుసుకోలేదు. నాలుగో తరగతి పాసయ్యేదాకా ఆ పిల్లకు మగ్గం రాలేదు.